ఖాళీ కడుపు గురించి రెండు వాక్యాలు

ఆ పరుగుపందేల క్లబ్బులో ఆవిడను చిన్నా పెద్దా ఆఫీసక్క అనే పిలిచేవారు. పిల్లల పేర్లు ఎక్కించడం, పోటీల దరఖాస్తులు, బీరువా తాళాలు అన్నీ ఆవిడ చేతిమీదే నడిచేవి. నెలకోసారి తల్లిదండ్రులకు ఇచ్చే నాలుగు పేజీల వార్తాపత్రిక కూడా ఆవిడ పనే. అందులో మూడో పేజీ అడుగున ‘నీళ్ళు, తిండి’ అని ఒక చిన్న శీర్షిక ఉండేది. పదకొండేళ్ళుగా దాన్ని ఆవిడే రాస్తూ వచ్చింది.

మొదటి ఏడాది ఫలానా పండు తింటే కండరాలు పట్టేయవని రాసి చీవాట్లు తిన్నది. ఎవరో పిల్లవాడి తండ్రి డాక్టరు, ఫోన్ చేసి ఉతికి ఆరేశాడు. ఆ రోజే క్లబ్బు సెక్రటరీ ఒక గీత గీశాడు: వైద్యం మాట రాయకూడదు. అది న్యాయమేనని ఆవిడకూ తోచింది. అప్పట్నుంచి తనకు తెలిసినంతవరకే రాసేది. సీసా ఇంటినుంచే నింపుకుని రండి. ఒక్కసారే గటగటా తాగకుండా మధ్యమధ్యలో గుక్కెడు తాగండి. ఎండ ఎక్కువగా ఉంటే ఇంకాస్త తరచుగా తాగండి. కొత్త తిండిని పోటీ రోజున మొదలుపెట్టకండి. ఎవరైనా చదివారో లేదో గానీ ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు.

పదకొండో ఏట, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల వచ్చింది. పన్నెండేళ్ళది. పదిహేను వందల మీటర్లు పరుగెత్తేది. తెల్లవారి ఆరింటికి వచ్చి ఆఫీసు మెట్లమీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకునేది.

“ఏం తినొచ్చావే?” అని ఒకరోజు అడిగింది ఆఫీసక్క.

“ఏం తినలేదక్కా. రాత్రి కూడా కొంచెమే తిన్నా. ఒళ్ళు తేలిగ్గా ఉండాలన్నారు మాస్టారు.”

“సగం అరటిపండైనా తిను.”

“వద్దక్కా, బరువవుతా.”

ఆ సాయంత్రమే ఆఫీసక్క, పిల్లలు మాస్టారు అని పిలిచే కోచ్ దగ్గరికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాడు.

“తిండి మానెయ్యమని నేనెప్పుడన్నానమ్మా? తేలిగ్గా ఉంటే వేగం వస్తుందన్నాను, అంతే. నా పాతికేళ్ళ అనుభవం” అన్నాడు.

పిల్ల తల్లికీ చెప్పి చూసింది. “మాస్టారి మాట కాదంటే జట్టులోంచి తీసేస్తారేమో” అంటూ ఆ తల్లి చేతులెత్తేసింది.

ఇక మిగిలింది ఆ మూడో పేజీ అడుగే. ఆ నెల రెండు వాక్యాలు రాసింది. ‘ఉదయం సాధనకు పూర్తిగా ఖాళీ కడుపుతో రావద్దు, ఏదైనా కాస్త తిని రండి, ఇంటికెళ్ళాక కడుపునిండా తినండి. ఎదిగే పిల్లల బరువు గురించి దిగులుంటే తిండి తగ్గించకుండా ముందు డాక్టరును అడగండి.’

సెక్రటరీ చదివి రెండింటినీ ఎర్ర పెన్నుతో కొట్టేశాడు.

“ఇది వైద్యం కాదండీ. జబ్బు పేరు లేదు, మందు పేరు లేదు. డాక్టరును అడగమనేగా అంటున్నా” అంది ఆవిడ.

“బరువు, డాక్టరు అని ఉంటే అది వైద్యమే. మనకెందుకొచ్చిన గొడవ?”

“మరి ప్రతినెలా మొదటి పేజీలో మాస్టారు వేయించేది? ‘ఒక్కో కిలో తగ్గితే ఒక్కో అడుగు ముందుంటావు’ అని?”

“అది ఆట మాట.”

ఉద్యోగం వదిలేద్దామని ఆవిడ రెండు రోజులు అనుకుంది, వదల్లేదు. ఆ రెండు వాక్యాల ఖాళీని సీసాలు రోజూ కడుక్కోండి అనే మాటతో నింపింది. పత్రిక అచ్చయింది.

చలికాలం దాటాక పిచ్చుక పరుగు మందగించింది. కోచ్ ఇంకా తేలికవ్వమన్నాడు. ఎందుకిలా అవుతోందో ఆఫీసక్క చెప్పలేదు, తను డాక్టరు కాదు. మెట్లమీద కూర్చున్న పిల్లకు రోజూ ఒక అరటిపండు ఇచ్చేది. పిల్ల నవ్వి సంచిలో వేసుకునేది. ఒకరోజు చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే అందులో మూడు పండ్లు కనిపించాయి, తొక్కయినా వలవనివి.

ఒక సోమవారం తల్లి ఒక్కతే వచ్చి ఉతికి మడతపెట్టిన క్లబ్బు చొక్కాను బల్లమీద పెట్టింది.

“ఇక రాదండీ. ఓపిక లేదంటోంది.”

“తింటోందా?”

“కంచం ముందు కూర్చుంటుంది. ఎంత పెట్టానో చూస్తుంది. లేచి వెళ్ళిపోతుంది.”

“డాక్టరుకు చూపించండమ్మా.”

“ఎన్నిసార్లు బతిమాలినా రానంటోంది. ఏమన్నా అంటే తలుపేసుకుంటుంది.” తల్లి పైట సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆఫీసక్క రిజిస్టరు తెరిచి పిల్ల పేరు ఎదుట ‘మానేసింది’ అని రాసింది. కారణం అని ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసింది.

గుమ్మంలో ఇంకో తల్లి నిలబడి ఉంది, పక్కన బుగ్గల పిల్ల. “కొత్తగా చేర్చాలండీ. కాస్త ఒళ్ళు తగ్గుతుందని” అంది. ఆఫీసక్క దరఖాస్తుతోపాటు ఆ నెల పత్రిక కూడా ఇచ్చింది. తల్లి అక్కడే నిలబడి మొదటి పేజీని శ్రద్ధగా చదవసాగింది.