తవుడిచ్చి కొన్న తమ్ముడు

నా కూతురు తన తమ్ముణ్ని మొదటిసారి కొరికినప్పుడు వాడికి ఇంకా పదకొండో రోజు పురుడు కూడా కాలేదు. కొరకడమంటే ముద్దుకు పంటితో నొక్కడం కాదు. వాడి పిక్క నోట పట్టుకుని, కుక్కపిల్ల పాతగుడ్డను లాగినట్టు లాగింది. నేను పచ్చి బాలింతను, ఎగిరి దూకలేను. చేతికందిన ఇత్తడి చెంబు విసిరాను. అది గోడకు తగిలి సొట్టపోయింది. పిల్ల మాత్రం పిక్క వదల్లేదు. మా అత్తగారు పరుగున వచ్చి దాని ముక్కు మూస్తే గాలికోసం నోరు తెరిచింది. చంటివాడి కాలి మీద పళ్ల వరుస ఎర్రగా దిగి ఉంది. నేను దాని వీపు విమానం మోత మోగించాను. అది ఏడవలేదు. నా వైపు చూసి, "వాపస్ ఇచ్చెయ్" అంది.

దానికప్పుడు మూడో ఏడు నడుస్తోంది. మాటలు చక్కగా వచ్చు. కానీ ఆ మాట అర్థం మాకెవ్వరికీ తలకెక్కలేదు.

మాది రాయచూరు గంజ్ మార్కెట్ దగ్గర పశువుల దాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. తవుడు, పల్లీ చెక్క, పత్తిగింజలు అమ్మేవాళ్లం. తవుడు సింధనూరు రైస్ మిల్లుల నుంచి వ్యానులో వచ్చేది. మా నాన్న అక్కడి మిల్లులోనే గుమాస్తా. నా పెళ్లి సంబంధం కూడా తవుడు వచ్చిన దారినే వచ్చిందని మా ఆయన ఎగతాళి చేసేవాడు. బస్తాలు దించితే తవుడు దుమ్ము లేచి మా పక్కబట్టల మీద, అన్నం గిన్నెల మీద కూడా పడేది. ఊరి అవతల పవర్ ప్లాంటు వచ్చి, డాబా ఎక్కితే దాని చిమ్నీల ఎర్రదీపాలు కనపడే రోజులవి. ఊళ్లకు ఊళ్లు వెలిగించే కరెంటు మా పక్కనే పుడుతుందని చుట్టాల దగ్గర గొప్పలు పోయేవాళ్లం. మా ఇంట్లో ఫ్యాను మాత్రం సరిగ్గా పిల్లలు కునుకు తీసే వేళకే ఆగిపోయేది.

తమ్ముడు పుట్టకముందు నా కూతురంత బుద్ధిగా నిద్రపోయే పిల్ల ఆ వీధిలో లేదు. నా పక్కన పడుకుని, నా చెవి తమ్మె రెండు వేళ్లతో నలుపుతూ కళ్లు మూసేది. తెల్లారేదాకా కదిలేది కాదు. నేను కాన్పుకు ఆసుపత్రికి వెళ్లింది అది నిద్రలో ఉన్నప్పుడే. పిల్లవాణ్ని ఇంటికి తెచ్చిందీ అది నిద్రలో ఉన్నప్పుడే. పొద్దున లేచి చూస్తే తను నానమ్మ మంచం మీద ఉంది. నా పక్కన, తను ఉండే చోట, ఎవడో ఉన్నాడు. బాలింత గదిలోకి పెద్దపిల్లను రానివ్వకూడదని మా అత్తగారి పట్టు. గడప దగ్గర చీర అడ్డం కట్టారు. ఆ చీరను అది మూడుసార్లు చింపింది.

ఇక నిద్ర పోయింది. పోయిందంటే ఇంటిల్లిపాదికీ పోయింది. దీపం తగ్గించగానే పెద్దది గుడ్లు విప్పార్చుకుని కూర్చునేది. కళ్లు వాలితే తన చెంప మీద తనే కొట్టుకునేది. మెడ వాలిపోతే ఉలిక్కిపడి లేచి, అరిచి, దొరికినవాళ్ల జుట్టు పీకేది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. దాని కేకకు చంటివాడు లేచేవాడు, వాడి ఏడుపుకు ఇది మరింత రెచ్చిపోయేది. పెద్దది నానమ్మ మంచం మీంచి దిగి, చీకట్లో తడుముకుంటూ వచ్చి తొట్టెల లాగేది. తొట్టెలంటే దూలానికి కట్టిన పాతచీర. ఒకసారి వాణ్ని సగం కిందికి జార్చేసింది. మా ఆయన సమయానికి పట్టుకోకపోతే తల నేలకు తగిలేది. ఆ రోజు ఆయన కూడా దాన్ని కొట్టాడు. అంతకుముందెప్పుడూ దాని మీద చెయ్యెత్తని మనిషి. అది గడప మీద పడి పెదవి చిట్లి, నోటినిండా రక్తంతో ఆయన చెయ్యి కరిచింది.

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ రోజుల్లో నా కూతురంటే నాకు భయం వేసేది. ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్లే, ఒకరి నుంచి ఒకర్ని కాపలా కాయాల్సి వచ్చింది. పాలిస్తూ తలుపు వైపే చూసేదాన్ని. పెద్దదాని అడుగుల చప్పుడు వింటే పాలు కూడా ఆగిపోయేవి.

మా అత్తగారు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. మిరపకాయల ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిదే అంది. పక్కింటావిడ జలుబు మందు తెచ్చింది, ఒక చెంచా పోస్తే పొద్దెక్కేదాకా లేవదట. నిద్ర కోసం పసిపిల్లకు మందు పోస్తారా అని నేను ఆ సీసా మోరీ కాలువలో పగలగొట్టాను. ఆవిడ చాలా కాలం మా గడప తొక్కలేదు. ఎవరేం చేసినా రాత్రిళ్లు మాత్రం మారలేదు. అత్తగారు ఓపిక నశించి, దాన్ని ఒళ్లో బిగించి పట్టుకుని, ఏదో ఒకటి చెప్పి పడుకోబెట్టాలని చూసేది. ఏం చెప్పేదో నేను చెవిన పెట్టలేదు. గోడకు ఇవతల నా చంటివాడితో నాకే సరిపోయేది.

చివరికి అందరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. పెద్దదాన్ని కొన్నాళ్లు సింధనూరులో మా అమ్మ దగ్గర ఉంచాలి. చంటివాడి మెడ నిలబడ్డాక తెచ్చుకోవచ్చు. నేను సరేనన్నాను. ఏడుస్తూ అనలేదు, హమ్మయ్య అనుకుంటూనే అన్నాను.

మా అమ్మ తవుడు వ్యానులోనే, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని వచ్చింది. బస్తాలు దించాక అదే వ్యానులో మనవరాలిని తీసుకుపోవాలి. మధ్యాహ్నం వేళ. నేను గదిలోంచి బయటికి వచ్చి దాని గౌన్లు సంచిలో సర్దుతున్నాను. అది గుమ్మంలో నిలబడి చూస్తోంది. హమాలీ ఒక్కొక్క బస్తా వీపున తెచ్చి దుకాణంలో దించుతున్నాడు. బస్తా దిగినప్పుడల్లా అది ఒకసారి బస్తాను చూసింది, ఒకసారి సంచిని చూసింది.

ఆ తర్వాత అది అరిచిన అరుపు నేను మళ్లీ ఎక్కడా వినలేదు. బస్తాలు కుట్టే పెద్ద సూది తక్కెడ పక్కన ఉండేది. దాన్ని గుప్పిట్లో పట్టుకుని బస్తా మీద పడి పొడిచింది. పొడిచిన చోటల్లా తవుడు కారింది. చేతులు పెట్టి గోనె చించింది. తవుడు గుప్పిళ్లతో తీసి వ్యాను మీదికి విసిరింది. పట్టుకోబోయిన డ్రైవరు చేతిలో సూది దింపింది. మా అమ్మ దగ్గరికి వెళితే ఆమె ముఖాన తవుడు కొట్టింది. కళ్లలో, నోట్లో, జుట్టులో అంతా తవుడే.

"తవుడు నాకొద్దు! వాపస్ తీస్కపో! నేను పండుకోలే, నేను పండుకోలే!"

మా అత్తగారు అక్కడే దుకాణం మెట్టు మీద చతికిలబడింది. తలమీద చెయ్యి పెట్టుకుంది. నేను ఆమె ముఖం చూశాను, అడిగాను.

"ఏంది అత్తమ్మా, ఏం జెప్పిన్రు దీనికి?"

"అందరికీ జెప్పేదే గదనే. తమ్మున్ని తవుడిచ్చి కొన్నమన్న. పండుకోకుంటే నిన్ను గూడ తవుడుకు ఇస్తమన్న. నా మొగణ్ని, నీ మొగణ్ని, అందర్నీ గట్లనే అన్నరు. ఎవ్వలు నమ్మిన్రు?"

నిజమే, మా ఇళ్లల్లో ఆ మాట వినని పిల్లలుండరు. నన్నూ అన్నారు. నేనూ కాసేపు మూతి ముడుచుకుని మర్చిపోయాను. కానీ మా ఇంటి వాకిట్లో తవుడు నిజంగా దిగుతుంది. నిద్రపోయి లేస్తే నిజంగానే ఒక కొత్త పిల్లవాడు ఇంట్లో ఉన్నాడు. నిద్రపోతే మనుషులు మారిపోతారని అది కళ్లారా చూసింది. అందుకే వాణ్ని తొట్టెలలోంచి లాగింది, అంగడికి వాపసు ఇచ్చేద్దామని. అందుకే చెంపలు కొట్టుకుని మేలుకుంది, తనను ఇచ్చేస్తారని. ఈ పిల్లను దుష్టశక్తిలా చూసి బస్తాల పక్కన సంచి సర్దిన నా చేతులు విరగ్గొట్టుకోవాలనిపించింది. అత్తగారి మీద అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది. పెద్దామె అని చూడకుండా నాలుగు మాటలు అనేశాను.

వ్యాను ఖాళీగా వెళ్లింది. మా అమ్మ మాత్రం రెండు వారాలు ఉండిపోయింది.

ఆ సాయంత్రం గడప దగ్గరి చీర నేనే పీకేశాను. చంటివాడి తొట్టెల పెద్దదానికి అందనంత ఎత్తుకు బిగించి, ఇద్దర్నీ ఎవరూ లేకుండా ఒకేచోట వదలకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను. చీకటి పడగానే చంటివాడికి కడుపునిండా పాలిచ్చి మా ఆయన భుజానికి అందించాను. ఆయన వాణ్ని వేసుకుని దుకాణం ముందు పచార్లు చేశాడు, వాడు ఏడ్చినా నన్ను పిలవలేదు. నేను పెద్దదాని పక్కన చాప మీద పడుకున్నాను. అది కళ్లు మూయలేదు. నా చెవి తమ్మె పట్టుకుని అడిగింది.

"నన్ను ఎంత తవుడిచ్చి కొన్నవ్?"

"నిన్ను కొనలే బిడ్డా. కన్న."

దానికి ఆ తేడా తెలియదు. దాని చెయ్యి తీసి నా కడుపు మీద పెట్టి, ఇందులోంచి వచ్చావని చెప్పాను. తమ్ముడో అంది. వాడూ ఇందులోంచే అన్నాను. నా కడుపును వేలితో నొక్కి చూసింది.

"వాడు వాపస్ పోడా?"

"పోడు."

"నేను?"

"నువ్వూ పోవు. నువ్వు పండుకున్నా పోవు."

ఒక్క రాత్రితో అంతా బాగుపడిందంటే అబద్ధం. అర్ధరాత్రి లేచి, తను ఎక్కడుందో చూసుకుని ఏడ్చేది. వాణ్ని ఇంకా గిల్లేది, ఒకసారి నెత్తిన గరిటెతో కొట్టింది. కానీ రోజూ అదే వరస పాటించాం. ముందు వాడికి పాలు, తర్వాత వాడు నాన్న భుజం మీదికి, నేను దాని పక్కకు. కొన్నవా అని అది, కన్న అని నేను. అది నిద్రపోయాకే చంటివాణ్ని తిరిగి తీసుకునేదాన్ని. పగలు వాడి గుడ్డలు అందించే పని దానికి ఇచ్చాను. మెల్లమెల్లగా చెంపలు కొట్టుకోవడం మానింది. పక్క తడపడం చివరగా మానింది. దుకాణంలోకి తవుడు వచ్చే రోజు మాత్రం వ్యాను వెళ్లిపోయేదాకా నా కొంగు వదిలేది కాదు.

చంటివాడికి పళ్లు వచ్చే రోజుల్లో ఒక మధ్యాహ్నం వాడు తొట్టెలలో గుక్కపట్టి ఏడ్చాడు. నేను వంటింట్లో రొట్టెలు కాలుస్తున్నాను. చేతి పిండి దులుపుకుని వచ్చేసరికి ఏడుపు ఆగిపోయింది. పాత భయంతో గుమ్మం దగ్గరే ఆగిపోయాను. పెద్దది మంచం మీద కూర్చున్న మా అత్తగారి ఒళ్లో నిలబడి, మునివేళ్లమీద లేచి, తొట్టెల అంచు పట్టుకుని ఊపుతోంది. పళ్లు బిగబట్టి, ఎవరితోనో తగువుకు సిద్ధమైనట్టు చెబుతోంది.

"పండుకోరా. నిన్ను ఎవ్వలకూ ఇయ్యం."