సొమ్ము రాయని క్యూఆర్

అచ్చంపేటలో మా మోటార్ల రిపేరు దుకాణంలో బిల్లులు నేనే కొట్టేదాన్ని. యూపీఐ ఐడీ, దుకాణం పేరు, బిల్లు నంబరుతో పాటు కట్టాల్సిన సొమ్మునూ బిల్లు మీద అచ్చయ్యే క్యూఆర్‌లో పెట్టి తెగ మురిసిపోయాను. స్కాన్ చేస్తే చాలు, అంకెలు కొట్టే పని లేదు.

లింగాల నుంచి మోటారు తెచ్చిన పెద్దాయన ఎప్పటిలాగే సగం ఇప్పుడు, సగం పల్లి పంట అమ్మినాక ఇద్దామనుకున్నాడు. ఫోనులో మొత్తం సొమ్మే పడింది, మార్చబోతే మారలేదు.

"నీ కాగితం నన్ను నమ్ముతలేదు బిడ్డా," అన్నాడు నవ్వుతూ.

నా తెలివి మీద నాకే ఒళ్లు మండింది. క్యూఆర్‌లో సొమ్ము తీసేసి, మిగతావి ఉంచి, కొత్త బిల్లు ఇచ్చాను. సగం కట్టి, బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పల్లి అమ్మిన రోజు ఆయన రాలేదు. నా ఫోను మోగింది. మిగతా సగం సొమ్ము పడింది, పక్కనే ఆ బిల్లు నంబరు.