మందు కొట్టి పడిపోయాడు

గుంటూరులో పురుగుమందుల కంపెనీలో నా పని, వెబ్‌సైటు మూలన ఉండే చాట్ పెట్టె చూసుకోవడం. మొదట జవాబులు చెప్పేది బాట్, అంటే యంత్రం. దానికి అర్థంకాని ప్రశ్న రెండుసార్లు వస్తే ఆ చాట్ నాకు వస్తుంది.

బాట్ పనికిరానిదని అనను. తామరపురుగుకు ఏ మందు, లీటరు నీళ్ళకు ఎంత, అద్దంకిలో ఎవరి కొట్లో దొరుకుతుంది, ఇలాంటివి చేలో నిలబడి అడిగితే క్షణంలో చెప్పేది. ఫోనులో పాట వింటూ పడిగాపులు పడటం కన్నా నయమని రైతులే అనేవాళ్ళు. చెడ్డదల్లా, తెలియనప్పుడు కూడా తెలిసినట్టు మాట్లాడటం.

మొదట్లో ఆ పెట్టెలో ‘మనిషితో మాట్లాడాలి’ అనే మీట ఉండేది. వచ్చినవాళ్ళందరూ ముందే దాన్ని నొక్కేస్తున్నారని మా మేనేజరు తీయించేశాడు.

ముందురోజు చాట్‌లు చదవడం నా పొద్దుటి పని. ఒక రోజు ఇది కనబడింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

“మేడం మా ఆయన మందు కొట్టి పడిపోయాడు. నోట్లో నురగ వస్తంది.”

బాట్ జవాబు: “మందు కొట్టే విధానం అడిగారా? లీటరు నీటికి రెండు మిల్లీలీటర్లు కలిపి, ఎండ లేని వేళ పిచికారీ చేయండి.”

“కాదు మేడం. మనిషి పడిపోయాడు. ఏం చెయ్యాలి.”

“పూత, పిందె పడిపోతున్నాయా? మా దగ్గర మంచి టానిక్ ఉంది.”

కింద ఎప్పటిలాగే ప్రశ్న: ఈ సమాధానం ఉపయోగపడిందా? ఆమె ‘అవును’ నొక్కింది. ఆ తరవాత ఏమీ రాయలేదు. కాసేపటికి చాట్ దానంతటదే మూతపడింది. పక్కన ఆకుపచ్చ అక్షరాల్లో ‘పరిష్కారమైంది’ అని పడింది.

బాట్ తనకు అర్థమైందనుకుంది కాబట్టే ఆ చాట్ నాకు రాలేదు.

నేను లేచి వెళ్ళి మేనేజరుకు చూపించాను. ఆయన చదివి నవ్వాడు.

“మందు కొట్టి పడిపోయాడంట! తాగి పడిపోయుంటాడమ్మా. అయినా అవునని నొక్కిందిగా. మంచి ఫీడ్‌బ్యాకే.”

చాట్ మొదలుపెట్టే ముందు ఫోన్ నంబరు అడుగుతాం. దానికి చేశాను. ఆమే ఎత్తింది. వెనక చాలామంది మాటలు, ఒకామె ప్రార్థన చేస్తున్న గొంతు.

“నిన్న మా సైట్‌లో రాశారండి, మీ ఆయన...”

“నిన్ననే పోయాడమ్మా. సమాధి కాడికి తీసకపోతన్నారు.”

‘అవును’ ఎందుకు నొక్కారని అడిగాను. అలాంటి వేళ అడగవలసిన మాట కాదు.

“ఎవరో మాట్లాడతన్నారు గదా, అవునంటే మనిషిని పంపిస్తారేమోననుకున్నా. అటు మళ్ళా ఎవరూ పలకలా. అప్పుడు ఆటో మాట్లాడుకున్నాం. దోవలోనే ఊపిరి ఆగింది.”

అప్పటిదాకా ఆమె ఫోను పట్టుకుని చేలోనే కూర్చుని ఉంది. అతను కౌలుదారు కూడా కాదు, కూలికి మందు కొట్టేవాడు. అది ఏ మందో తెలుసుకుందామని డబ్బా మీదున్న మా సైటు తెరిచిందట.

మేనేజరుకు చెప్పాను. నవ్వు ఆగింది. మరుక్షణం, “ఎవరికన్నా చెప్పావా?” అన్నాడు. మనిషి గురించి ఒక్క మాటా అడగలేదు. ఇది కోర్టుకెక్కితే పరువేం కావాలని కంపెనీ లాయరు హెచ్చరించాకే నేనడిగిన మార్పులకు ఒప్పుకున్నాడు. నురగ, వాంతులు, కళ్ళు తిరగడం, పడిపోవడం, ఈ మాటలు తెలుగులోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో వస్తే బాట్ మందుల కబుర్లు ఆపాలి. వెంటనే అంబులెన్సు పిలవమని, తడిసిన బట్టలు విప్పి ఒళ్ళు సబ్బుతో కడగమని, వాంతి చేయించవద్దని, మందు డబ్బా ఆసుపత్రికి పట్టుకెళ్ళమని చెప్పాలి. చాట్ నాకు రావాలి. తీసేసిన మీట మళ్ళీ పెట్టాలి. ‘నేను యంత్రాన్ని’ అని మొదటి వాక్యంలోనే ఉండాలి.

కొన్ని వారాలకు పెదకాకాని వైపు నుంచి ఒకామె రాసింది, భర్త వాంతులు చేసుకుంటున్నాడని. చాట్ తిన్నగా నా ముందుకొచ్చింది. అంబులెన్సు వచ్చేదాకా ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాను. అతను బతికాడు.

ఆ సంతోషంలో, ఎందుకో, ఆ మొదటామెకు ఫోన్ చేశాను. మీ ఆయన వల్ల ఇంకొకాయన బతికాడండీ అన్నాను.



“మంచిదమ్మా,” అంది. “ఆ మాట నాకు చెప్పాలని ఎందుకనిపిచ్చింది నీకు?”

 మిరపకాయ కోత కూలికి ఆటో వచ్చిందంటూ ఫోను పెట్టేసింది.