శని మూడుసార్లు వచ్చిన సంబంధం

మా పెదనాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు గానీ లెక్క పెట్టడం మానలేదు. నాన్న పోయాక నా సంబంధాలు చూసే పని ఆయన మీద పడింది. పంతులుగారి ముప్పై ఆరు గుణాల పొంతన పాతబడిందట. ఖమ్మం ఇంటర్నెట్ సెంటర్‌లో నా పుట్టిన వివరాలు, కొత్తగా సంబంధం వచ్చిన వేంసూరు టీచరువి ఇచ్చి, పాశ్చాత్య పద్ధతిలో పోల్చిన కాగితాలు పట్టుకుని బస్సులో భద్రాచలం వచ్చాడు. నా గ్రహానికీ అతని గ్రహానికీ మధ్య ఎన్ని డిగ్రీల కోణం ఉందో వరుసగా అరవై మూడు లైన్లు. ఎదురుగా మంచిదనో చెడ్డదనో ఒక ముక్క.

పద్ధతి కొత్తదే, బుర్ర మాత్రం పాతదే. గుణాలు కూడినట్టే ఎర్ర పెన్నుతో కూడాడు. మంచివి ఇరవై తొమ్మిది, చెడ్డవి ముప్పై నాలుగు. సగం రాలేదు కాబట్టి ఫెయిల్. సాయంత్రం ఫోన్ చేసి వద్దని చెప్పేస్తానన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ టీచర్ని రెండుసార్లు చూశాను, నచ్చాడు. ఆఫీసులో ఫైళ్ళతో వేగే నాకు ఒక మనిషి నచ్చడమే గొప్ప. ఆ పద్ధతి మీద పెదనాన్న కొని, అట్ట మాత్రమే చదివిన ఇంగ్లీషు పుస్తకం తీసుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ముందుమాటలోనే ఉంది విషయం: అన్నీ లెక్కపెట్టకూడదు. కోణం తొంభై, నూట ఇరవై లాంటి ఖచ్చితమైన అంకెకు ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. ఆ తేడాకు ముందే ఒక హద్దు పెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్ పది డిగ్రీల దాకా దొరికిందల్లా పోగేసింది. తర్వాత గ్రహాల బరువు చూడాలి. రవి, చంద్రుడు, శుక్రుడు, కుజుడు, వాళ్ళను తాకే శని ముఖ్యం. ప్లూటో, నెప్ట్యూన్ ఏళ్ళ తరబడి ఒకేచోట ఉంటాయి కాబట్టి నా ప్లూటోకూ అతని నెప్ట్యూన్‌కూ స్నేహమంటే, అది నా క్లాసులో అందరికీ అతనితో ఉన్న స్నేహమే. చివరగా, ఏ మాట మళ్ళీ మళ్ళీ వస్తోందో అది వినాలి.

మూడు డిగ్రీలు హద్దు పెట్టి, పెదనాన్న కళ్ళెదుటే మిగతావి కొట్టివేశాను. అరవై మూడు కాస్తా ఆరయ్యాయి. అతని రవికీ నా చంద్రుడికీ నూట ఇరవై డిగ్రీలు, తేడా ఒక్క డిగ్రీ. పుస్తకం దాన్ని ఆకాశానికెత్తింది. కానీ ఆకర్షణ చెప్పే నా శుక్రుడు, అతని కుజుడు నాలుగు డిగ్రీల తేడా దగ్గర ఆగిపోయారు. ఆ ఒక్కటీ వదులుకోవడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. నెమ్మదిగా హద్దు అయిదు చేశాను.

"గీత జరిపితే అందరికీ జరపాలె" అన్నాడు పెదనాన్న.

జరిపాను. నాలుగున్నర దగ్గర కాచుక్కూచున్న అతని శని కూడా లోపలికి వచ్చేసి నా చంద్రుడికి అడ్డంగా నిలబడ్డాడు. అప్పటికే నా శని అతని చంద్రుడి మీద, అతని శని నా రవికి ఎదురుగా ఉన్నారు. నేను చూడనట్టు నటిస్తున్నాను, అంతే. శని మూడుసార్లు. ఇక పెదనాన్న మొహం చూడాలి. సిగ్గుతో చచ్చిపోయాను.

వాకిట్లో చిక్కుళ్ళు ఒలుస్తున్న పెద్దమ్మ శని అంటే ఏమవుతుందని అడిగింది. పుస్తకంలో ఉన్నదే చెప్పాను: మళ్ళీ మళ్ళీ వచ్చేదే అసలు మాట, శని వస్తే కాపురం నిలుస్తుంది, బరువు మోస్తారు, కానీ ఒకరు మాట్లాడరు, ఇంకొకరు మాట కోసం చూస్తుంటారు.

పెద్దమ్మ చేతులు ఆగాయి. "నా పుట్టిన దినమే ఎవలు రాయలే. కాయితం లేకున్నా నాకు ఎరికే, మళ్ళ మళ్ళ వచ్చేది ఏందో" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ పిల్లగాణ్ణి అడుగు బిడ్డా, ఇంట్ల మాట్లాడతవా అని" అంది.

పెదనాన్న వేంసూరు నంబరు కలిపి రిసీవర్ నా చేతికిచ్చాడు. అడిగాను. బడిలో అరిచి అరిచి ఇంటికొచ్చాక తనకు మాట రాదనీ, అమ్మ కూడా అదే తిడుతుందనీ, ఇది ముందే చెప్పాల్సిందనీ అన్నాడు. ఆ మాటలే పెద్దమ్మకు అప్పజెప్పాను.

"అడిగితె చెప్పిండు గదా. చేసుకో" అంది పెద్దమ్మ. "నలభై ఏండ్లయింది, మీ పెదనాయన నాకు గదన్న చెప్పలే."

పెదనాన్న ఏదో అనబోయాడు. నోరు తెరిచాడు కూడా. పెద్దమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని ఎదురుచూసింది. ఆయన నోరు మూసుకుని, కాగితాలు తీసుకుని, మొదటి లైను నుంచి మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.