బతికున్న మనిషికి పూలరేకులు

నంద్యాల ఆస్పత్రిలో మనసు సమస్యలు చూసే డాక్టరమ్మ ఒక చిన్న వీడియో అడిగింది. వారాల తరబడి వదలని దిగులు గురించి. రాసేది నేను. తీసేది ఆళ్లగడ్డలో పెళ్లి వీడియోల స్టూడియో నడిపే అన్న. సొంత అన్న కాదు. ఏళ్లుగా నా జోకులకు మొహమాటానికి నవ్వుతున్న మనిషి, అంతకంటే దగ్గరోళ్లు ఎవరుంటారు?

నేను మొదట రాసిందాంట్లో ఉరుములు, చీకటి గది, గోడకు తల ఆనించిన మనిషి. అన్న దానికి తన సంవత్సరీకం వీడియోల టెంప్లేటు తగిలించినాడు. దీపం, రాలే పూలరేకులు, వెనక షెహనాయి. డాక్టరమ్మ చివరిదాకా ఓపికగా చూసింది.

"ఈయన బతికే ఉన్నాడు కదండీ?"

తర్వాత మెల్లగా చెప్పింది. "దిగులున్న వాళ్లందరూ ఇట్లా కూర్చోరు. అంగడి తీస్తారు, పెళ్లికెళ్తారు, నవ్వుతారు కూడా. 'ధైర్యంగా ఉండు' అనే డైలాగు తీసేయండి. జబ్బు పేరు, మాత్ర పేరు వద్దు. అది మనిషిని చూసి మేం చెప్పాల్సింది. ఎట్లున్నావని ఎవరితోనన్నా అడిగించండి. అడిగాక కాసేపు ఏమీ మాట్లాడకుండా ఊరికే ఉండనివ్వండి."

"ఊరికే ఉంటే జనం వీడియో మార్చేస్తారు మేడం."

"మార్చనీండి. ఉండేవాళ్లు ఉంటారు."

మార్చి రాసినాక స్టూడియోలో కూర్చున్నాం. అసలు గొంతు ఇచ్చేవాళ్లు వచ్చేలోపు, నిడివి చూసుకోడానికి అన్నే ఒకసారి చదువుతాండాడు. "ముందు ఇష్టంగా చేసిన పనులు ఇప్పుడు బరువుగా అనిపిస్తున్నాయా? మనుషుల్లో ఉన్నా ఒంటరిగా ఉంటోందా? ఇది మీ తప్పు కాదు..."

ఆగిపోయినాడు. మైకు చెడిందేమోనని వైరు కదిలించినా.

"వైరు బాగనే ఉందిలేప్పా."

"మరి నువ్వెట్లున్నావ్ న్నా?"

అడిగి ఊరికే ఉన్నా. పుట్టినప్పట్నుంచి నాకు రాని పని అది. నోట్లో జోకులు బస్టాండులో జనం మాదిరి తోసుకుంటాండాయి. ఒక్కదాన్నీ దిగనీలేదు.

"శానా దినాలుగా బాగలేదురా. మీ వదినకు గూడా చెప్పలే. కెమెరా ఎత్తుకుంటే ఇంటికి పోదామనిపిస్తాది. ఇంటికి పోతే యాడికన్నా పోదామనిపిస్తాది."

"ఆ డాక్టరమ్మ దగ్గరికి పోదామా?"

"నాకేమన్నా పిచ్చా?"

"నాకేం తెలుసున్నా, నేను డిగ్రీనే దండయాత్ర చేసి గెల్చినోణ్ణి. చెప్పాల్సింది ఆయమ్మ. తోడొస్తా."

"ఊర్లో తెలిస్తే?"

"షూటింగనుకుంటారు. కెమెరా బ్యాగు తగిలించుకో."

నిజంగానే తగిలించుకున్నాడు.

నంద్యాలలో వంతు రాగానే బ్యాగు నా ఒళ్లో పెట్టినాడు. "నువ్వు లోపలికి రావాకు. ఆయమ్మను నవ్విచ్చి నా టైమంతా తింటావ్."

చాలాసేపటికి బయటికొచ్చినాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నడక మాత్రం ఎప్పటి మాదిరే.

"మళ్లా రమ్మనింది."

"పోతావా?"

"పోతా. ఈసారి మీ వదినను పిల్చుకపోతా. నువ్వు ఈడ కూచుంటే అందరూ నిన్నే పేషెంటనుకుంటాండారు."