రెండో కాలి కొలత

దర్జీ మాస్టారు నలభై ఏళ్లుగా మనుషులకు ఒక్క కాలే కొలుస్తున్నాడు. రెండోది దాని జోడే కదా అని ఆయన నమ్మకం. ఆ ప్యాంట్లకు కాజాలు కుట్టే భార్య కూడా ఆ నమ్మకంలోనే కాపురం చేసింది.

మనవరాలిని చూసి, పద్నాలుగు గంటలు బస్సు కిటికీ పక్కన కదలకుండా కూర్చుని తిరిగొచ్చిన మూడో రోజు. మిషను తొక్కుతున్నవాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఆ చప్పుడు ఆగితే భార్యకు ఇంట్లో గాలి ఆగినట్టుంటుంది.

"ఏమైందండీ?"

"ఎడమ పిక్క పట్టేసింది. బస్సు సీటు పుణ్యమే."

వాళ్లతోనే ఉండే ఆయన అక్క అప్పటికే నూనె వెచ్చబెట్టుకొచ్చింది. "చాపరా కాలు. గట్టిగా రుద్దానంటే నొప్పి పారిపోతుంది."

"నీ చెయ్యి పడితే నేనూ పారిపోతానక్కా!"

భార్య ముందుగా పిక్క తాకి చూసింది. అప్పుడే దించిన ఇస్త్రీ పెట్టెలా కాలింది. నవ్వబోయిన ఆమె పెదవులు బిగుసుకున్నాయి.

"ఆగు వదినా." ఆయన మెడలోని టేపు లాగి, మోకాలికి బెత్తెడు కింద చుట్టింది. "పదిహేను అంగుళాలు. ఆ కాలు కూడా ఇవ్వండి."

"అదెందుకే? రెండూ నావేగా!"

కుడికాలు పదమూడున్నర.

"గుడ్డలో ఇంత తేడా వస్తే విప్పి మళ్లీ కుడతారు. కాలికైతే నూనె రాసి ఊరుకుంటారా? లేవండి, ఆసుపత్రికి."

డాక్టరమ్మ మొదట ఆయాసం, ఛాతీ నొప్పి ఉన్నాయా అని అడిగింది. లేవన్నాడు. చల్లటి జెల్ రాసి, గజ్జ నుంచి పిక్క దాకా స్కానింగు యంత్రంతో నొక్కుతూ వచ్చింది. మోకాలి వెనక ఆగింది.

"నొక్కితే ఈ సిర చదునుగా అణగాలి. అణగడం లేదు. రక్తం గడ్డకట్టింది. కాలు రుద్దారా?"

"లేదండీ," అంది భార్య.

"మంచి పని చేశారు. ఇక రుద్దొద్దు. ముక్క విడిపోయి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది."

మూడు నెలలు రక్తం పలచబరిచే మాత్రలు. ఒక్క పూటా తప్పకూడదు. ఆయాసం వస్తే ఆ క్షణమే రావాలి. గాయమైతే రక్తం త్వరగా ఆగదు, జాగ్రత్త.

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా చేతులతో నేనే నిన్ను..."

"నీ చెయ్యి పడలేదుగా అక్కా! ఆ నూనె నీ మోకాళ్లకు రాసుకో, వృథా ఎందుకు?"

మాత్రలు బొత్తాల డబ్బాలో చేరాయి. సూది గుచ్చుకుంటుందని భార్య ఎన్నేళ్లు పోరినా పెట్టుకోని వేలి తొడుగు ఇప్పుడాయన వేలికి బుద్ధిగా ఉంటుంది. మూడు వారాలకు ఎడమ పిక్క పద్నాలుగుకు దిగింది. ఆ కొలత ఆమె గోడ మీద పెన్సిలుతో, పెళ్లికొడుకుల కొలతల పక్కనే రాసుకుంది.

నిన్నొకాయన ప్యాంటుకు కొలతలిస్తూ విసుక్కున్నాడు. "ఒక కాలు కొలిచారుగా మాస్టారూ!"

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆమె కాజా మీంచి తల ఎత్తలేదు.

"రెండోది కూడా ఇవ్వండి బాబూ," అన్నాడు. "మా ఇంట్లో అదే లెక్క."