రైలు వెళ్లాక రాసిన మెయిల్

కనకం అక్క చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుందంటే ఆఫీసులో ఎవరూ పలకరించరు. పలకరించినా పలకదు, అది వేరే సంగతి. బిలాస్‌పూర్‌లో మా రైల్వే ఆఫీసు మీటింగులన్నీ ఒక చిన్న రికార్డర్‌లో ఎక్కించేవాళ్లం. తర్వాత అది విని, రాలేకపోయినవాళ్లకి ఏం తేలిందో, ఎవరు ఏం చెయ్యాలో మెయిల్ పెట్టడం ఆవిడ పని. అరగంట మీటింగుకి పూటంతా పట్టేది.

"వింటున్నావా, నిద్రపోతున్నావా?" అని దెప్పేదాన్ని.

"మనుషులు కనబడకుండా గొంతులే ఇంటే కలలో ఉన్నట్టుంటాదే రాజీ" అనేది. నాకు ఒళ్లు మండేది.

రెండు వేల ఎనిమిది వానాకాలం. డ్రైవర్ల డ్యూటీలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని కొండల్లో ఉన్న పెండ్రారోడ్ స్టేషన్‌లో మొదలైంది. ఆరు నెలలు అక్కడ కూర్చోడానికి మాలో ఒకరు కావాలి. ఎవరన్నది తేల్చడానికి మా ఆఫీసరు శ్రీనివాసరావుగారు మీటింగు పెట్టారు. రమణబాబు రాలేదు. వాళ్లావిడకి ఎనిమిదో నెల, మంచం దిగొద్దన్నారని రైల్వే ఆసుపత్రిలో చేర్పించాడు. ఆమె పక్కన కూర్చోడానికి అతను తప్ప ఇంకో మనిషి లేదు.

మీటింగు అవగానే సారు కనకం బల్ల దగ్గర ఆగారు. "పెండ్రారోడ్‌కి రమణబాబు. అందరూ ఒప్పుకున్నారు. రాసెయ్యమ్మా."

రానివాడి నెత్తిన పని రుద్దడం మాకు కొత్తా ఏమిటి? నేను నా పనిలో పడ్డాను.

కనకం మాత్రం రికార్డు పెట్టుకుంది. కాసేపటికి ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టింది. "పెండ్రారోడ్‌కి ఎవర్ని పంపాలంటే, నా ఉద్దేశం..." అని సారు గొంతు. అంతే. ఆపైన బొగ్గు బండి.

మా మీటింగు గది పక్కనే పట్టాలు. బండి వస్తే ఎదుటివాళ్ల మాట వినపడదు. రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లం, కాస్త ఆగమని ఎవరం అడగం. బండి పోయేదాకా మర్యాదకి తల ఊపుతూ కూర్చుంటాం. మాకు ఊయలలో ఉన్నప్పుడే పట్టిన అలవాటు.

బయట వాన, చెవిలో బండి. ఎంతకీ అయిపోలేదు. నేనూ కళ్లు మూసుకున్నాను. చిన్నప్పటి క్వార్టరు, అమ్మ పక్కన మంచం, గోడ మీద అద్దం సన్నగా ఊగడం, ఆ ఊపుకే నిద్ర పట్టడం, అన్నీ వచ్చేశాయి. లేవాలనిపించలేదు. బండి చివర సారు గొంతు తేలింది. "సరే, అందరూ ఒప్పుకున్నారు. టీ తెప్పించండి."

"నువ్వేటి ఒప్పుకున్నావే?" అంది కనకం.

"నాకేటి తెలుసు? తల ఊపేను."

"నేనూ ఊపేనే" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "పాపం, రమణబాబు ఎళ్లిపోతే ఆ పిల్ల ఒక్కర్తీ అయిపోతాది ఆసుపత్రిలో."

ఆ సాయంత్రం అందరికీ మెయిల్ వెళ్లింది, రమణబాబుకి కూడా. రాసింది ఇంగ్లీషులోనే, నేను తెలుగులో చెప్తున్నాను. "విషయం: పెండ్రారోడ్‌కి ఎవరు వెళ్లాలి. నిర్ణయం: ఇంకా తేలలేదు. సారు ప్రతిపాదన రైలు శబ్దంలో పడిపోయింది. రికార్డు ఆఫీసు కంప్యూటర్‌లో ఉంది, పన్నెండో నిమిషం నుంచి వినండి. తర్వాతి పని: మీటింగులో ఉన్నవాళ్లు తమకేం వినపడిందో, దేనికి ఒప్పుకున్నారో రేపటిలోగా రాయాలి."

దీని ఉద్యోగం ఊడిందిరా దేవుడా అనుకున్నాను. మర్నాడు జవాబులొచ్చాయి. అందరిదీ ఒకటే మాట. వినపడలేదు, తల ఊపాం.

సారు ఆ మెయిల్ ప్రింటు పట్టుకుని కనకం దగ్గరికి వచ్చారు. "అయితే నేనన్న మాట రికార్డులో లేదంటావా?"

"ఉందండి. బండి కింద ఉంది."

ఆయన కోప్పడబోయి, కిటికీలోంచి పట్టాల వైపు చూశారు. "అచ్ఛా, మళ్లీ కూర్చుందాం" అన్నారు.

మళ్లీ కూర్చున్నాం. "రమణబాబు సంగతి తెలిసిందే. మరి ఎవరు వెళ్తారు?" అన్నారు సారు. అప్పుడే బండి వచ్చింది. ఈసారి ఒక్క తల ఊగితే ఒట్టు. అందరం బల్ల వైపు చూస్తూ, అది పోయేదాకా బిగుసుకుని కూర్చున్నాం. ఆఖరి పెట్టె దాటాక వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. చలి నాకు పడదు, పెండ్రారోడ్ మంచు అసలే పడదు. అయినా నా నోట్లోంచే వచ్చింది. "నేను వెళ్తానండి."

సాయంత్రం కనకం మెయిల్ పెట్టింది.

"నిర్ణయం: రాజశ్రీ పెండ్రారోడ్ వెళ్తుంది. తల ఊపలేదు, నోటితో చెప్పింది. తర్వాతి పనులు: రాజశ్రీ సోమవారం బండెక్కాలి. రమణబాబు ఆసుపత్రిలోనే ఉండాలి."